గడులకి రంగేస్తే గాంట్ చార్ట్ రెడీ!

సైట్ అప్‌డేట్ స్లైడ్‌కి నేను పవర్‌పాయింట్‌లో టేబులే వాడతా. ఎడమ పక్క పనులు, పైన వారాలు. పని నడిచే గడులకి Shading తో రంగు నింపితే చాలు. టేబుల్ మీద షేపులు పరిస్తే మాత్రం, మధ్యలో కొత్త పని చేర్చగానే గడులు కిందికి జరుగుతాయి, షేపులు అక్కడే ఉండిపోతాయి.

5 మీటర్ల స్పాన్ శ్లాబు 4వ వారం చివర్లో వేస్తున్నారనుకోండి. మామూలు సిమెంటైతే కింద సపోర్టులు 14 రోజులు ఉంచాలి. అంటే 5, 6 వారాల గడులు వాటివే. కింద గోడలు 7లో మొదలు.

వాన వల్ల శ్లాబు ఒక వారం వెనక్కి పోయిందా? సపోర్టులు, గోడల రంగు కూడా ఒక్కో గడి జరపండి. టేబుల్ తనంతట తాను లెక్కెయ్యదు. శ్లాబు ఒక్కటే జరిపితే సపోర్టులకి ఒక్క గడే మిగులుతుంది. ఆ స్లైడ్ నమ్మి మేస్త్రీ వారం ముందే సెంట్రింగ్ విప్పేస్తే, శ్లాబుకే ముప్పు.