పల్స్ ఆక్సీమీటర్ ఫోటో వచ్చిందా? అంకె కంటే ముందు చూడాల్సింది ఇదే!

ఊళ్లో ఉన్న అమ్మకు ఆయాసం. వేలికి ఆక్సీమీటర్ పెట్టి, తమ్ముడు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. తెర మీద 86 కనిపిస్తోంది. హైదరాబాద్‌లో ఉన్న అన్న ఏం చేయాలి? అంబులెన్స్ పిలవాలా? ఆ మెషీన్‌నే అనుమానించాలా? కరోనా రెండో వేవ్‌లో కొని బీరువాలో పెట్టిన ఆక్సీమీటర్లు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి. కాబట్టి ఇలాంటి ఫోటోలు వస్తూనే ఉంటాయి. వాటిని ఎలా చదవాలో చూద్దాం.

86 నిజంగా 86 యేనా?

ముందు ఫోటో తలకిందులుగా ఉందేమో చూడండి. డిజిటల్ అంకెల్లో 98ని తిప్పి చూస్తే 86లా కనిపిస్తుంది! తెర మీద %SpO2, PRbpm అనే అక్షరాలు ఉంటాయి. అవి నేరుగా చదవగలిగేలా ఉంటేనే అంకె కూడా నేరుగా ఉన్నట్టు. %SpO2 పక్కన ఉన్నది ఆక్సిజన్, PRbpm పక్కన ఉన్నది నాడి. ఈ రెండింటినీ ఒకదానికొకటి అనుకుని కంగారుపడేవాళ్లూ ఉన్నారు.

అక్షరాలు నేరుగానే ఉండి, అంకె 86 అయితే, మనిషికి ఆయాసం కూడా ఉంటే మెషీన్ మంచిదా కాదా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మెషీన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ముందు వైపు ఫోటోతో ఏమీ తేలదు

ఈ మెషీన్ పనిచేసేది రెండు కాంతులతో. ఒకటి కంటికి కనిపించే ఎరుపు, రెండోది కనిపించని ఇన్‌ఫ్రారెడ్. ఈ రెండూ వేలిని దాటేటప్పుడు రక్తం దేన్ని ఎంత పీల్చుకుందో పోల్చి ఆక్సిజన్ శాతం లెక్కగడుతుంది. ఫోటోలో ఎర్రగా వెలిగితే ఒక లైటు ఉందని మాత్రమే తెలుస్తుంది. రెండోది ఉందో లేదో, లోపలి సెన్సర్ ఎలాంటిదో తెలియదు.

పైగా ఒకే ఆకారం, ఒకే రంగు డబ్బా రకరకాల బ్రాండ్ల పేర్లతో అమ్ముడవుతుంది. "మా ఇంట్లోదీ ఇలాగే ఉంది, బాగా పనిచేస్తుంది" అనే మాట అందుకే చెల్లదు.

వెనక స్టిక్కర్ ఫోటో అడగండి

అసలు సమాచారం వెనక స్టిక్కర్ మీద, అట్టపెట్టె పక్కన ఉంటుంది. కంపెనీ పేరు, చిరునామా, మోడల్ నంబర్, బ్యాచ్ లేదా సీరియల్ నంబర్ ఉండాలి. మన దేశంలో తయారైతే MFG/MD తో, దిగుమతి చేసుకున్నదైతే IMP/MD తో మొదలయ్యే లైసెన్స్ నంబర్ చూడండి. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం కిందకు వచ్చాయి, ఆ తర్వాత లైసెన్స్ దశలవారీగా తప్పనిసరి అయింది. కాబట్టి 2020–21లో కొన్నదాని మీద ఈ నంబర్ లేనంత మాత్రాన నకిలీ అనలేం. ఇప్పుడు కొత్తగా కొనేదాని మీద లేకపోతే మాత్రం వదిలేయండి.

CE గుర్తు పక్కన నాలుగంకెల నంబర్ ఉంటే, బయటి సంస్థ తనిఖీలో పాలుపంచుకుందని అర్థం. ఉత్త CE అని ఉంటే ఆ భరోసా లేదు. "ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్" అన్న మాటకూ పడిపోవద్దు. అది కంపెనీ పేరు నమోదైందని చెప్పేది మాత్రమే, మెషీన్‌కు అనుమతి కాదు. "వైద్య అవసరాలకు కాదు" అని చిన్న అక్షరాల్లో ఉంటే, జబ్బు మనిషికి దాన్ని నమ్ముకోవద్దు.

ఫోటో కాదు, వీడియో పంపమనండి

స్టిక్కర్ బాగుంటే మెషీన్ ఎవరిదో తెలిసింది. ఆ రోజు సరిగ్గా చూపిస్తోందా అన్నది వేరే సంగతి. ఒక నిమిషం వీడియో తీయించండి. వేలికి నెయిల్ పాలిష్ ఉండకూడదు, చెయ్యి వెచ్చగా, కదలకుండా ఉండాలి. తెర మీద అల గానీ, గీతల పట్టీ గానీ నాడితో పాటు క్రమంగా ఎగిసిపడాలి. మణికట్టు పట్టుకుని నిమిషం పాటు నాడి లెక్కపెట్టండి. చేత్తో లెక్కపెడితే 96 వచ్చి, మెషీన్ 60 చూపిస్తుంటే అది నాడినే సరిగ్గా పట్టుకోవడం లేదు. అలాంటప్పుడు ఆక్సిజన్ అంకెనూ నమ్మలేం.

మంచి మెషీన్‌కూ హద్దుంది

అమెరికా ఎఫ్‌డీఏ చెప్పినదాని ప్రకారం, మెషీన్ 90 చూపిస్తే అసలు విలువ 86 నుంచి 94 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశముందని కూడా ఆ సంస్థ 2021లో హెచ్చరించింది. మన దగ్గర చాలామందికి ఇది వర్తించే విషయమే. అందుకే ఒక్క అంకె కంటే, రోజూ అదే మెషీన్‌తో, అదే వేలికి చూసినప్పుడు అంకె తగ్గుతూ వస్తోందా అన్నదే ముఖ్యం. తెర మీద 95 ఉన్నా సరే, పెదాలు నీలంగా మారినా, మాట్లాడుతుంటే ఊపిరి అందకపోయినా మనిషినే నమ్మండి, మెషీన్‌ని కాదు.