విజిట్ వీసా అనే దొడ్డిదారి

గల్ఫ్ వలస మీద రాస్తున్న వరుసలో ఇయ్యాల ఒక్క కాగితం గురించే మాట్లాడుకుందాం మిత్రులారా.

కోరుట్ల వైపు ఒక తమ్ముడు తొమ్మిదిలో బడి మానేసిండు. దుబాయ్‌ల కంపెనీ పని, నెలకు 1,200 దిర్హమ్‌లు అన్నడట బ్రోకర్. "ముందు విజిట్ మీద పో, అక్కడ కంపెనీ వీసా కొట్టిస్తరు" అని చెప్పి 85,000 అడిగిండు.

ఆ ముందు విజిట్ ఎందుకో అర్థం కావాలంటే పాస్‌పోర్టు చూడాలి. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్. గల్ఫ్ దేశాలకు వాళ్లు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి. ఆ అనుమతికి యజమాని పేరు, కాంట్రాక్టు, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా చూపాలి. విజిట్ మీద పోతే ఇవేవీ అడగరు. అంటే బ్రోకర్ తప్పించేది పిల్లగాని ఖర్చును కాదు, తన జవాబుదారీని. అక్కడ విజిట్ మీద పనిచేయడం నేరం. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి చేతిలో కాంట్రాక్టు ఉండదు.

అందుకే పైసలు ఇవ్వకముందే మనం చేయాల్సినవి మూడున్నయి.

ఒకటి, emigrate.gov.in లో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితా చూడండి. లైసెన్స్ చెల్లుబాటులో ఉందా లేదా అనేది అక్కడే తెలుస్తది. ఊర్లె తిరిగే బ్రోకర్ తరచుగా వేరేవాళ్ల లైసెన్స్ పేరు చెప్తడు. కాబట్టి ఆయనిచ్చిన నంబరుకు కాదు, పోర్టల్‌లో ఉన్న ఆఫీసు నంబరుకే ఫోన్ చేసి, ఈ కంపెనీకి మీరు మనుషులను పంపుతున్నరా అని అడగండి.

రెండు, ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000, జీఎస్టీ కలిపి 35,400. రశీదు ఇవ్వనంటే అక్కడికే ఆగండి. ఈ తమ్ముని బ్రోకర్ రశీదు మాట ఎత్తంగనే కోపానికొచ్చిండట.

మూడు, వీసా, కాంట్రాక్టు పక్కపక్కన పెట్టి చదవండి. వీసా మీద ఎంప్లాయ్‌మెంట్ అని ఉండాలి. రెండింట్ల కంపెనీ పేరు, పని పేరు ఒక్కటే ఉండాలి. 1,200 అన్నది మూల జీతమా, ఓవర్‌టైమ్ కలిపిందా అనేది కాంట్రాక్టు చెప్పాలి. తిండి, వసతి ఎవరిదో కూడా రాసి ఉండాలి.

ఇవన్నీ సరిపోయినా అక్కడ మోసం జరగదని హామీ లేదు. కానీ ఎవరి మీద ఫిర్యాదు చేయాలో ఒక పేరు, ఒక సంతకం మన చేతిలో ఉంటయి.

చదువు ఆపేసినోళ్లకు రక్షణ కోసం పెట్టిన తనిఖీ ఇది. దాన్ని తప్పించే దారిని వాళ్లకే అమ్ముతున్నరు. వాళ్లల్ల ఎక్కువమంది మన వాడల పిల్లలే. ఇంగ్లిష్ చదవగలిగే విద్యార్థి ప్రతి వాడల ఉన్నడు. బ్రోకర్ ఇంటికొచ్చిన రోజు ఆ కాగితం మీ చేతిలోకి తీసుకోండి.

జై భీమ్.