ఏడు దాటితే తినరాదన్న సూత్రం రాత్రి కార్మికులకు కాదు

“రాత్రి ఏడు దాటితే ముద్ద ముట్టరాదు” అన్న మాట నేడు ప్రతి ఆహార పట్టికలోనూ కనిపిస్తున్నది. రాత్రి పదికి పడుకునే వారికి అది మంచి సలహాయే. సిరిసిల్లలో రాత్రి ఎనిమిదికి సాంచాల షెడ్డులో అడుగుపెట్టి, ఉదయం ఎనిమిదికి బయటకు వచ్చే కార్మికుని చేతిలో అదే కాగితం పెట్టడం మాత్రం వైద్యం కాదు. ఈ తప్పు నేనూ ఏళ్ల తరబడి చేశాను కనుకనే ఇంత కటువుగా వ్రాస్తున్నాను.

నా తప్పును నాకు చూపినవాడు ఒక యువకుడు. వారం పగలు, వారం రాత్రి పని. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. అతనికి 7 నిమిషాల 40 సెకన్లు పడుతున్నది. షెడ్డు నుంచి నేరుగా మైదానానికి వెళ్లి ఖాళీ కడుపుతో పరుగెత్తేవాడు. పదింటికి పళ్లెం నిండా అన్నం తిని, పదకొండుకు పడుకుని, మూడింటికే లేచేవాడు. నా పట్టిక ప్రకారం సాయంత్రం కొద్దిగా తిని పనికి పోయేవాడు. అర్ధరాత్రి దాటాక ఆకలికి తాళలేక రెండు గంటలకు మిర్చి బజ్జీలు, తెల్లవారే లోగా అయిదారు చాయలు. గుండెల్లో మంట అని నా వద్దకు వచ్చాడు. మాత్ర వ్రాసి పంపాను. నెల తిరగకుండా మళ్లీ వచ్చాడు.

మన దేహంలోని గడియారం షిఫ్టుతో పాటు వెంటనే మారదు. చేతులు నూలు అతుకుతున్నా, ఆ వేళ క్లోమం, కాలేయం రాత్రి లెక్కలోనే ఉంటాయి. మధ్యాహ్నం తిన్న అన్నమే తెల్లవారుజామున రెండింటికి తింటే రక్తంలో చక్కెర మరింత పెరిగి, మరింతసేపు నిలుస్తుంది. జీర్ణాశయమూ నెమ్మదిగా ఖాళీ అవుతుంది. కాబట్టి రాత్రి కార్మికుడు తప్పించవలసినది ఏడు గంటల తరువాతి భోజనాన్ని కాదు. ఒంటిగంటకు, అయిదింటికి మధ్యనున్న భోజనాన్ని. ఆ నిగ్రహం కుదరాలంటే పనికి ముందు కడుపు నిండాలి.

అతని రోజును అలాగే మార్చాము. ఉదయం ఇల్లు చేరగానే ఒక జొన్నరొట్టె, కొంచెం పెసరపప్పు. ఆకలితో పడుకుంటే నిద్ర చెదురుతుంది, మితిమీరి తింటే మంట పైకి వస్తుంది. తొమ్మిదిన్నరకు కిటికీకి దుప్పటి కట్టి మూడున్నర వరకు నిద్ర. లేచాక ఒక అరటిపండు, అయిదింటికి పరుగు. రాత్రంతా నిలబడిన కాళ్లతో ఉదయపు ఎండలో పరుగెత్తితే నిద్రా పోతుంది, పరుగూ రాదు. సాయంత్రం దేహం వెచ్చగా, కండరాలు సాగేలా ఉంటాయి. ఆరున్నరకు అసలు భోజనం: అన్నం, పప్పు, కూర, రెండు గుడ్లు. డబ్బాలో సగం అన్నం, పెరుగు. దానిని పదకొండున్నర లోగా ముగించాలి. ఆ తరువాత ఆకలైతే గుప్పెడు వేయించిన శనగలు, నీళ్లు. చివరి చాయ రెండు గంటలకు, ఎందుకంటే అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. షిఫ్టు మారే రోజున పరుగు లేదు. ఆ రోజు నిద్రకే.

పట్టిక పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి మూడు విషయాలు వ్రాసుకోమన్నాను: లేవగానే నోట్లో పులుపు ఉందా, ఎన్ని గంటలు నిద్రపోయాడు, అదే దూరానికి ఎంత సమయం. నాలుగు వారాలకు మంట పోయింది, నిద్ర దాదాపు ఆరు గంటలకు చేరింది, పరుగు 7 నిమిషాల 20 సెకన్లకు వచ్చింది. ఇంకా అయిదు సెకన్లు మిగిలే ఉన్నాయి. వారం వారం షిఫ్టు తిరగబడే పనికి ఆహారం పూర్తి విరుగుడు కాలేదు.

జగిత్యాల, కోరుట్లల నుంచి గల్ఫ్‌కు వెళ్లి రాత్రి కాపలా కాసేవారు కూడా ఈ పద్ధతిని తమ వేళలకు సర్దుకోవచ్చు. అయితే ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు తమ వైద్యుని అడగకుండా రాత్రి తిండి తగ్గించరాదు. చక్కెర పడిపోతే చెమట, వణుకు వస్తాయి. షెడ్డు ఉక్కలో ఆ చెమటను ఎవరూ గుర్తించరు.

ఇక పదకొండున్నరకు డబ్బా విప్పేది ఎలా? సాంచా ఆగితే మీటరు ఆగుతుంది, మీటరు ఆగితే కూలి ఆగుతుంది. అయిదు గంటల పని తరువాత అరగంట విరామం ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. పదిమంది కూడా లేని చిన్న షెడ్ల గడప అది తొక్కలేదు. కార్మికునికి నోరు కట్టుకోమని చెప్పే వైద్యులు, ఆ అరగంటకు కూలి కోయవద్దని ఆసాములకు ఒక్కసారైనా చెప్పారా? నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.