దుప్పటి తడుస్తోంది... బరువు తగ్గుతోంది... టీబీయేనా?

అర్ధరాత్రి మెలకువ వచ్చేసరికి బనియను తడిసి ముద్దయి ఉంటుంది. దిండు గలీబూ, దుప్పటీ తడే. ఫ్యాను తిరుగుతూనే ఉంది, పక్కన పడుకున్న వాళ్లకు చెమటే లేదు. ఉక్కపోతకు పట్టే చెమటకూ దీనికీ తేడా ఇదే. లేచి బట్టలు మార్చుకోవాల్సినంతగా చెమట పడుతూ, వారాల తరబడి బరువూ తగ్గుతుంటే మాత్రం కారణం వెతకాల్సిందే.

ఉదాహరణకు ముప్పై రెండేళ్ల యువకుణ్నే తీసుకోండి. రెండున్నర నెలల్లో 64 కిలోల నుంచి 57కి వచ్చాడు. అంటే పదో వంతుకు పైనే పోయింది. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోంది, రాత్రి చెమటలు. మెడ కింద, ఎడమ భుజపుటెముక పైన గోలీకాయంత బిళ్ల కట్టింది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు.

ఇలాంటప్పుడు డాక్టరు ముందుగా అడిగే ప్రశ్న... 'ఆకలి ఎలా ఉంది?' అని. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తుంటే బాగానే తింటారు, అయినా చిక్కిపోతారు. చెమట రాత్రే కాదు, పగలూ పడుతుంది. చేతులు చాచితే వేళ్లు సన్నగా వణుకుతాయి. నాడి విశ్రాంతిలోనూ వేగంగా కొట్టుకుంటుంది. రక్తంలో టీఎస్‌హెచ్ బాగా తగ్గి, టీ3, టీ4 హార్మోన్లు పెరిగితే విషయం తేలిపోతుంది. మన యువకుడికి ఆకలి లేదు, టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది. కాబట్టి థైరాయిడ్ కాదు.

తర్వాతి అనుమానం క్షయ. మన దేశంలో ఇది ఎక్కువ కాబట్టి ఆ అనుమానం సబబే. ఛాతీ ఎక్స్‌రే, కళ్లె పరీక్షలతో పాటు హెచ్ఐవీ, మధుమేహం ఉన్నాయేమో కూడా చూస్తారు. ఇతనికి దగ్గు లేదు, ఎక్స్‌రే బాగానే ఉంది. అయితే క్షయ ఊపిరితిత్తులకే రావాలని లేదు, మెడ దగ్గరి లింఫ్ గ్రంథులకూ వస్తుంది. అందుకే బిళ్లలోంచి సన్నటి సూదితో కాసిన్ని కణాలు తీసి చూశారు. క్షయలో కనిపించేలాంటి వాపు కణాలున్నాయే గానీ క్రిములు కనిపించలేదు. 'టీబీయే అయ్యుంటుంది' అని మందులు మొదలుపెట్టారు.

ఎనిమిది వారాలు గడిచాయి. చెమటలు ఆగలేదు, బరువు మరో రెండు కిలోలు తగ్గింది, బిళ్ల పెద్దదైంది. అప్పుడు బిళ్లను మొత్తంగా తీసి బయాప్సీ చేయిస్తే, హాడ్జ్‌కిన్ లింఫోమా అని తేలింది. అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్.

పొరపాటు ఎక్కడ జరిగింది? హాడ్జ్‌కిన్ లింఫోమాలో అసలు క్యాన్సర్ కణాలు చాలా కొద్దిగానే ఉంటాయి. వాటి చుట్టూ వాపు కణాలే గుంపుగా చేరతాయి. సూదికి ఆ గుంపే చిక్కితే క్షయలాగే కనిపిస్తుంది. గ్రంథి మొత్తాన్ని చూస్తేనే అసలు అమరిక తెలుస్తుంది. రక్తకణాల లెక్క మామూలుగా ఉందన్న ధీమా కూడా పనికిరాదు. ల్యుకేమియా వంటి రక్త క్యాన్సర్లలో ఆ లెక్క తరచూ తేడాగా వస్తుంది గానీ, లింఫోమాలో చాలామందికి బాగానే ఉండొచ్చు.

మందులు వాడుతుండగా బిళ్ల పెరిగినంత మాత్రాన క్యాన్సరేనని కంగారు పడనక్కర్లేదు. అసలైన క్షయలోనూ చికిత్స మొదట్లో గ్రంథులు కొంతకాలం పెరగొచ్చు. అందుకే సొంత నిర్ణయంతో మందులు మానకూడదు. 'క్రిమి దొరికిందా, లేక అనుమానం మీదే మందులిస్తున్నారా?' అని డాక్టరును అడగాలి. క్రిమి దొరక్కపోతే బయాప్సీ అవసరమేమో తెలుసుకోవాలి.

బయాప్సీ చేసేటప్పుడు మరో జాగ్రత్త. తీసిన ముక్కనంతా ఫార్మలిన్‌లో వేస్తే క్షయ క్రిములు చచ్చిపోతాయి, కల్చర్‌కు పనికిరాదు. ఒక భాగాన్ని ఫార్మలిన్‌లో వేసి, మరో భాగాన్ని సెలైన్‌లో ఉంచి సీబీనాట్, కల్చర్ పరీక్షలకు పంపితే రెండు అనుమానాలూ ఒకేసారి తీరతాయి. ఈలోగా నీరసం తగ్గుతుందని స్టెరాయిడ్లు వాడకూడదు. అవి లింఫోమా గడ్డను తాత్కాలికంగా కరిగించి బయాప్సీనే తికమక పెడతాయి.

సరైన పేరు తెలిస్తే దారి దొరుకుతుంది. క్షయ సాధారణంగా ఆర్నెల్ల మందులతో నయమవుతుంది, ప్రభుత్వాసుపత్రుల్లో ఆ మందులు ఉచితం. హాడ్జ్‌కిన్ లింఫోమా కూడా కీమోథెరపీతో ఎక్కువమందిలో పూర్తిగా తగ్గిపోయే క్యాన్సరే.

డాక్టరు దగ్గరకు వెళ్లేముందు ఓ వారం పాటు సాయంత్రం జ్వరం ఎంతుందో చూసి రాసుకోండి. మూడు నెలల కిందటి బరువు, ఇప్పటి బరువు, వాడుతున్న మందులూ అదే కాగితం మీద రాయండి. మెడ, చంకలు, గజ్జలు తడిమి చూసుకోండి. నొప్పి లేని బిళ్ల తగిలితే ముందుగా చెప్పాల్సింది దాని గురించే. కళ్లెలో రక్తం పడినా, ఆయాసం వచ్చినా మాత్రం వారం ఆగకుండా వెంటనే వెళ్లాలి.