దాళ్వాకు వంతులవారీ నీరే విధానం కావాలి



హరితగృహ ప్రభావం మీద అసైన్‌మెంటు రాయమంటే గోదావరి డెల్టా పిల్లలు కూడా కార్ల పొగ, ధ్రువాల మంచు, మొక్కల పెంపకం గురించే రాస్తున్నారు. అందులో తప్పేమీ లేదు. కానీ కారణం, పర్యవసానం, నివారణ మూడూ తమ ఊరి వరిచేలోనే కనిపిస్తాయని వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. కాలువ నీటి విడుదలను నిర్ణయించే అధికారులకు కూడా ఈ సంగతి పట్టాలన్నదే నా విన్నపం.

ఎండకు వేడెక్కిన నేల ఆ వేడిని తిరిగి పైకి పంపుతుంది. గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ అందులో కొంత పట్టి ఉంచుతాయి. అవే లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు బదులు మైనస్ 18 దగ్గర ఉండేది. చిక్కల్లా వాటి మోతాదు పెరగడంతోనే. పరిశ్రమలు రాకముందు పది లక్షల పాళ్లలో 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. దీనికి ప్రధాన కారణం బొగ్గు, చమురు. రైతును దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే మీథేన్ గాలిలో పన్నెండేళ్లే నిలిచినా, నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. అందుకే దాన్ని తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది.

చేలో నీరు నిలిచి ఉంటే మట్టికి గాలి అందదు. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు అక్కడి మోళ్లను, వేళ్లను కుళ్లబెట్టి మీథేన్ తయారు చేస్తాయి. అందులో ఎక్కువ భాగం వరి కాడలోని బోలు గొట్టాల గుండానే పైకి వస్తుంది. మధ్యమధ్య నేలను ఆరనిస్తే గాలి సోకి ఆ జీవుల పని ఆగిపోతుంది.

దీనికి అడుగు పొడవున్న ప్లాస్టిక్ గొట్టం చాలు. కింది భాగానికి చుట్టూ రంధ్రాలు చేసి, 20 సెంటీమీటర్లు మట్టిలోకి దించి, లోపలి మట్టి తీసేయాలి. నాట్లు వేసిన రెండు వారాల తర్వాత నీరు కట్టడం ఆపి గొట్టంలోకి చూస్తుండాలి. నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరాక మళ్లీ రెండంగుళాల నీరు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం చేను ఆరకూడదు. ఇలా చేస్తే దిగుబడి తగ్గదు.

లెక్క చూద్దాం. ఐపీసీసీ దక్షిణాసియాకు ఇచ్చిన సగటు ప్రకారం, నీరు నిలిపే ఉంచితే వంద రోజుల్లో ఎకరానికి సుమారు 34 కిలోల మీథేన్ వెలువడుతుంది. పలుమార్లు ఆరబెడితే అది 45 శాతం తగ్గుతుంది. అలా తగ్గే 15 కిలోలు సుమారు 185 లీటర్ల పెట్రోలు కాల్చకుండా ఆపినదానికి సమానం. చేను ఆరినప్పుడు యూరియా నుంచి నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరిగి ఈ లాభంలో కాస్త తినేస్తుంది. కనుక ఎరువు మోతాదు మించకూడదు.

ఈ పద్ధతి అన్నిచోట్లా కుదరదు. సార్వాలో వానలు ఆరనివ్వవు. సముద్రానికి దగ్గరి శివారు భూముల్లో ఆరబెడితే ఉప్పు పైకి తేలుతుంది. కలుపు కూడా పెరుగుతుంది కాబట్టి మొదట్లోనే తీయించాలి. దీనికి అనువైన పంట దాళ్వాయే.

అయినా రైతు ఎందుకు ఆరబెట్టడం లేదు? మళ్లీ నీరెప్పుడొస్తుందో తెలియక, వచ్చినప్పుడే నిండా కట్టుకుంటాడు. ఎగువ వాళ్లు అలా నింపుకోవడంతో శివారు వాళ్ల నాట్లు ఆలస్యమవుతాయి. వాళ్ల పంట ఎండలు ముదిరాక పూతకు వస్తుంది. పూత సమయంలో 35 డిగ్రీలు మించితే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి. భూతాపం పెరిగేకొద్దీ ఈ నష్టమూ పెరుగుతుంది.

గోదావరిలో నీరు తగ్గిన ఏళ్లలో ధవళేశ్వరం నుంచి వంతులవారీగా నీరివ్వడం అధికారులకు అలవాటైన పనే. దాన్ని కొరత నాటి చర్యగా కాక ఏటా దాళ్వాకు విధానంగా పెట్టండి. ఏ కాలువకు ఏ తేదీన నీరు వదులుతారో నాట్లకు ముందే ప్రకటించి, ఆ మాట తప్పకండి. పూత రోజుల్లో వంతులు ఆపి నీరు ఆగకుండా ఇవ్వండి. ఒక చేను నుంచి మరో చేనుకు నీరు పారే చోట్ల ముందుగా పంట బోదెలు బాగుచేయండి. గొట్టం రైతు పెట్టుకోగలడు, తేదీని నమ్మించాల్సింది మాత్రం ప్రభుత్వమే.

— ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు,
పశ్చిమ గోదావరి జిల్లా