కొలువు ఇచ్చింది ఎవరు?

నార్సింగిలో ఒక ముస్లిం కుటుంబం బిడ్డ చదువు కోసం బీసీ-ఈ ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు చేస్తే, అది గండిపేట తహశీల్దారు కార్యాలయానికి చేరుతుంది. విచారించేదీ, సంతకం చేసేదీ ఉద్యోగులే. తమ కొలువుకు వారు పరీక్షకు రుణపడి ఉన్నారా, నాయకుడికి రుణపడి ఉన్నారా అన్నది ఆ కుటుంబానికి చిన్న విషయం కాదు.

గెలిచిన పక్షం కొలువులను కొల్లసొమ్ములా తనవారికి పంచే పద్ధతిని స్పాయిల్స్ విధానం అంటారు. అమెరికాలో అది ఎంతగా ముదిరిందంటే, 1881లో కొలువు దక్కని ఒక వ్యక్తి అధ్యక్షుడు గార్ఫీల్డ్‌నే కాల్చాడు. 1883లో పెండిల్టన్ చట్టంతో అక్కడ పరీక్షల పద్ధతి మొదలైంది.

ఈ రెండు పద్ధతుల తేడాను ఆంధ్రప్రదేశ్ ఒకే ఏడాదిలో చూపింది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలను రాతపరీక్షతో భర్తీ చేశారు. అదే ఏడాది గ్రామాల్లో యాభై ఇళ్లకొకరు చొప్పున వాలంటీర్లను, నెలకు ఐదు వేల గౌరవ వేతనంపై, రాతపరీక్ష లేకుండా మౌఖిక పరీక్షతోనే తీసుకున్నారు. వృద్ధుల గడప దాకా పింఛను చేర్చిన వాలంటీర్లు ఎందరో ఉన్నారు. వారి శ్రమను మేము తక్కువ చేయడం లేదు. కానీ వారు పాలక పక్షం మనుషులన్న అనుమానం మొదటినుంచీ వెంటాడింది. 2024 మార్చిలో ఎన్నికల సంఘం వారిని నగదు పంపిణీకి దూరంగా ఉంచింది. ప్రభుత్వం మారాక వాలంటీర్ల వ్యవస్థ కొనసాగలేదు. ఆ ఏడాది జూలై 1న పింఛన్లు పంచడానికి సచివాలయ ఉద్యోగులు కదిలారు. పరీక్షతో వచ్చినవారు నిలిచారు, పాలకుల ఇష్టంపై వచ్చినవారు పాలకులతోపాటే వెళ్లారు.

అయితే పరీక్ష ఒక్కటే నిష్పాక్షికతకు హామీ కాదు. ప్రతిభతో చేరిన అధికారి సైతం, మంచి స్థానం కోసం ఎమ్మెల్యే సిఫారసు లేఖ తెచ్చుకోవలసి వస్తే, ఆ లేఖకే జవాబుదారీ అవుతాడు. నియామకంలో మూసిన తలుపు బదిలీలో తెరుచుకుంటుంది. అందుకే సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 31న టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సివిల్ సర్వీసుల అధికారులకు నిర్ణీత పదవీకాలం ఉండాలని, పైవారి మౌఖిక ఆదేశాలను కాగితంపై నమోదు చేయాలని చెప్పింది.

పరీక్ష పేదవారికి అందదన్న మాటలో నిజముంది. దానికి మందు రిజర్వేషన్ రోస్టరు, ఉచిత శిక్షణ. సిఫారసు మందు కాదు: బలహీన వర్గానికి నాయకుడి దగ్గర పలుకుబడి ఎప్పుడూ తక్కువే. మన వార్డులో ఔట్‌సోర్సింగ్ కొలువుల జాబితా తయారైనప్పుడు ‘మావాడి పేరు చేర్చండి’ అని అడగడం సులభం. ఏ ప్రకటనతో, ఏ రోస్టరుతో ఆ జాబితా తయారైందని సమాచార హక్కు చట్టం కింద అడగడం కష్టం. పదవి అమానతు అని నమ్మే మనం రెండోది అడగాలి.