డాష్‌బోర్డు నెమ్మదిస్తే ముందు చూడాల్సింది డేటాలోని కాలమ్‌లనే

డాష్‌బోర్డు తెరుచుకోవడానికి అరనిమిషం పడితే చాలా కార్యాలయాల్లో మొదట వినిపించే మాట, పెద్ద సర్వరు కొనాలని. చాలాసార్లు అది దండగ ఖర్చే. జంషెడ్‌పూర్ వంటి ఉక్కు నగరం నుంచి ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేలిపోతుంది.

బ్లాస్ట్ ఫర్నేసులోకి ఊదే వేడిగాలి ఉష్ణోగ్రత 1,100 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. సెన్సరు దాన్ని సెకనుకోసారి నమోదు చేస్తుందనుకుంటే, ఏడాదికి 3,15,36,000 వరుసలు పోగవుతాయి. తేదీ, సమయం కలిపి ఒకే కాలమ్‌లో ఉంచితే ఏ రెండు వరుసల్లోనూ ఒకే విలువ రాదు. చిక్కంతా ఇక్కడే. పవర్ బీఐ వంటి సాధనం ప్రతి కాలమ్‌లోని వేర్వేరు విలువలకు ఒక పట్టిక రాసుకుని, వరుసల్లో ఆ పట్టిక సంఖ్యలను మాత్రమే దాచుకుంటుంది. విలువలు మళ్లీ మళ్లీ వస్తేనే ఈ పద్ధతి వల్ల చోటు కలిసివస్తుంది. ఏ విలువా రెండోసారి రాకపోతే పట్టికే డేటా అంత పెద్దదవుతుంది.

అదే కాలమ్‌ను రెండుగా విడదీస్తే తేదీకి 365 విలువలు, సమయానికి 86,400 విలువలు చాలు. ఒక్క సెకను సమాచారం కూడా పోదు. నిమిషానికో సగటు సరిపోయేచోట వరుసలే 5,25,600కు తగ్గుతాయి.

ఉష్ణోగ్రత కాలమ్‌దీ ఇదే కథ. థర్మోకపుల్ కచ్చితత్వమే ఒక డిగ్రీ అటూఇటూ అయినప్పుడు 1,127.4386 అని దాచుకోవడంలో అర్థం లేదు. నూరు డిగ్రీల పరిధిలో నాలుగు దశాంశ స్థానాలంటే సుమారు పది లక్షల విలువలకు అవకాశం. డిగ్రీకి సవరిస్తే నూటికి కాస్త పైన. భౌతికశాస్త్రం ప్రయోగశాలలో మొదటి వారం నేర్పే పాఠం ఇది!

అయితే ఒక మెలిక ఉంది. ఏ చార్టూ వాడని వరుస సంఖ్యల కాలమ్‌ను తొలగిస్తే ఫైలు చిక్కుతుంది, రిఫ్రెష్ త్వరగా అవుతుంది. కానీ ఆ సాధనం అడిగిన కాలమ్‌లనే చదువుతుంది కాబట్టి చార్టు వేగం పెద్దగా మారకపోవచ్చు.

అందుకే కత్తిరించే ముందు కొలవాలి. `Performance analyzer` ప్రతి చార్టుకు పట్టిన సమయాన్ని విడదీసి చూపుతుంది. `DAX query` ఎక్కువైతే లోపం డేటాలోనో, సూత్రంలోనో ఉంది. `Visual display` ఎక్కువైతే ఆ చార్టే బరువు. `Other` ఎక్కువైతే చాలావరకు చార్టులు ఒకదాని కోసం ఒకటి వరుసలో నిలబడ్డాయన్నమాట. ప్రతి చార్టూ కనీసం ఒక ప్రశ్న పంపుతుంది. ఇరవై చార్టుల పేజీలో ఒక్క ఫిల్టరు మార్చినా దాదాపు అన్నీ మళ్లీ అడుగుతాయి. షిఫ్టు అధికారి రోజూ చూసే ఐదారు చార్టులు ఉంచి, మిగతావి వేరే పేజీకి పంపాలి. ఫిల్టర్లన్నీ ఎంచుకున్నాక `Apply` నొక్కితేనే ప్రశ్నలు వెళ్లేలా పెట్టాలి.

ముడి రీడింగులను మాత్రం చెరిపేయకూడదు. వేడిగాలి వాల్వు ఏ సెకనులో మొరాయించిందో వెతకాల్సిన రోజు వస్తే, ఇంజినీరుకు ఆ దశాంశాలతో సహా అన్నీ ప్లాంటు డేటాబేసులో దొరకాలి.